పెట్టుబడి నిర్ణయాలు – 6వ పాఠం: డబ్బు చాలనప్పుడు ఏ ప్రాజెక్టు ముందు?

పోయిన పాఠంలో ఎన్‌పీవీ, అంటే రాబోయే డబ్బు ఈనాటి విలువలోంచి పెట్టుబడి తీసేయగా మిగిలేది, సున్నా కన్నా ఎక్కువ ఉంటే ప్రాజెక్టు తీసుకోవచ్చని చెప్పుకున్నాం. ఆ మాట నిజం కావాలంటే చేతిలో సరిపడా డబ్బుండాలి. మంచి ప్రాజెక్టులు ఐదు ఉండి, డబ్బు రెండు మూడింటికే సరిపోతే? దాన్నే క్యాపిటల్ రేషనింగ్ అంటారు. సీఎంఏ, సీఏ ఇంటర్ పేపర్లలో ఈ లెక్క వస్తే చాలామంది పీఐ, అంటే ప్రాఫిటబిలిటీ ఇండెక్స్, కట్టి, ర్యాంకులు వేసి, పైనుంచి కిందికి తీసుకుంటూ పోయి అక్కడితో ఆపేస్తారు. ప్రశ్నలో ఉన్న ఒక్క మాటను బట్టి అది పూర్తి మార్కులు తెచ్చే జవాబూ కావచ్చు, తప్పు జవాబూ కావచ్చు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే.

విశాఖ ద్వారకానగర్‌లో సాయంత్రం క్లాసుకి వచ్చే మా పిల్లల్లో కొందరి ఇళ్లలో ఫిషింగ్ హార్బర్‌తో సంబంధం ఉన్న పనులే. అందుకే లెక్క కూడా అక్కడిదే కట్టాను. హార్బర్ దగ్గర చేపలు, రొయ్యలు కొని శుభ్రం చేసి పంపే ఒక చిన్న వ్యాపారం ఉందనుకోండి. ఈ ఏడాది పెట్టుబడికి 100 లక్షలకు మించి దొరకదు. ముందున్న ప్రాజెక్టులు ఐదు. అంకెలు నేను కల్పించినవే, అన్నీ లక్షల్లో.

| ప్రాజెక్టు | పెట్టుబడి | ఎన్‌పీవీ | పీఐ |
|---|---|---|---|
| ఇన్సులేటెడ్ వ్యాన్లు | 30 | 12 | 1.40 |
| కోల్డ్ స్టోరేజీ గది | 60 | 21 | 1.35 |
| ఐస్ ప్లాంటు | 50 | 16 | 1.32 |
| సోలార్ ప్యానెళ్లు | 20 | 6 | 1.30 |
| ప్యాకింగ్ లైను | 40 | 10 | 1.25 |

వ్యాన్ల వరస ఎలా వచ్చిందో చూడండి. ఏడాదికి 11.65 లక్షల చొప్పున ఐదేళ్లు నికరంగా వస్తుంది. 12 శాతం రేటుకి ఐదేళ్ల యాన్యుటీ ఫ్యాక్టర్ 3.605. రెండూ గుణిస్తే ఈనాటి విలువ 42. దాన్ని పెట్టుబడి 30తో భాగిస్తే 1.40. 42 నుంచి 30 తీసేస్తే ఎన్‌పీవీ 12. కొన్ని పుస్తకాలు 12ని 30తో భాగించి 0.40 అని రాస్తాయి. రెండు పద్ధతుల్లోనూ ర్యాంకులు ఒకటే వస్తాయి, కంగారు పడకండి. కానీ ఒకే జవాబులో ఒక ప్రాజెక్టుకి ఒక పద్ధతి, ఇంకోదానికి ఇంకో పద్ధతి వాడితే మాత్రం ర్యాంకులు తారుమారవుతాయి.

భాగించేటప్పుడు కింద వేయాల్సింది కొరతగా ఉన్న ఆ ఏడాది డబ్బు మాత్రమే. మొదట్లో వర్కింగ్ క్యాపిటల్ కూడా పెట్టాలంటే అదీ కొరత డబ్బులోంచే పోతుంది కాబట్టి కిందే చేరాలి. మూడో ఏడు వచ్చే పెద్ద రిపేరు ఖర్చు, ఆ ఏడాది డబ్బుకి కొరత లేకపోతే, పైన వచ్చే రాబడిలోంచి తగ్గించాలి.

అసలు ఎన్‌పీవీ ప్రకారమే ర్యాంకు ఎందుకు వేయకూడదు? అన్నిటికన్నా ఎక్కువ లాభం కోల్డ్ స్టోరేజీలోనే ఉంది కదా అని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఉంది, కానీ అది 60 లక్షలు మింగి 21 ఇస్తోంది. వ్యాన్లు అందులో సగం తీసుకుని 12 ఇస్తున్నాయి. కొరతగా ఉన్నది ప్రాజెక్టులు కాదు, రూపాయలు. అందుకని పెట్టిన ఒక్కో రూపాయికి ఎంత వస్తుందో చూడాలి. పీఐ చెప్పేది అదే.

ఇక ఆ ఒక్క మాట దగ్గరికి వద్దాం. ఎంవీపీ కాలనీ రైతు బజారులో గుమ్మడికాయ కొనాలంటే ముక్క కోసి తూచి ఇస్తారు. కొబ్బరికాయ సగం ఇమ్మంటే ఇవ్వరు, మొత్తం కొనాలి, లేదా మానుకోవాలి. ప్రశ్నలో "డివిజిబుల్" అని ఉంటే ప్రాజెక్టులు గుమ్మడికాయలు. "ఇన్‌డివిజిబుల్" అని ఉంటే కొబ్బరికాయలు.

ముందు డివిజిబుల్. పీఐ వరసలో దిగుతాం. వ్యాన్లకి 30, మిగిలింది 70. కోల్డ్ స్టోరేజీకి 60, మిగిలింది 10. తర్వాతి వరస ఐస్ ప్లాంటుది, దానికి 50 కావాలి, ఉన్నది 10. అంటే ఐదో వంతు కొంటాం, ఎన్‌పీవీలో కూడా ఐదో వంతే వస్తుంది: 16లో 3.2. మొత్తం 12 + 21 + 3.2 = 36.2 లక్షలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 10 లక్షలు మిగిలాయి కదా, అందులో ఇమిడే చిన్న ప్రాజెక్టు ఏదని కిందికి వెతుకుతారు. ముక్క చేయగలిగినప్పుడు ఆ వెతుకులాట అక్కర్లేదు, వరసలో తర్వాత ఉన్నదాని ముక్కే తీసుకోవాలి. ఎన్‌పీవీ వరసలో పోతే ఏమయ్యేదో కూడా చూడండి. కోల్డ్ స్టోరేజీ 60, తర్వాత ఐస్ ప్లాంటులో అయిదింట నాలుగు వంతులు 40. వచ్చేది 21 + 12.8 = 33.8. అంటే 2.4 లక్షలు పోగొట్టుకున్నట్టు.

ఇప్పుడు అవే అంకెలు, ఇన్‌డివిజిబుల్. అలవాటుగా పీఐ వరసలో దిగితే వ్యాన్లు, కోల్డ్ స్టోరేజీ కలిసి 90 అవుతాయి, ఎన్‌పీవీ 33. మిగిలిన 10కి ఏదీ రాదు. ఇక్కడ ఆపేస్తే తప్పు. పీఐ ఒక్కో ప్రాజెక్టునీ విడిగా చూసి మార్కు వేస్తుంది, చివర్లో చేతిలో ఖాళీగా ఉండిపోయే డబ్బు సంగతి దానికి తెలియదు. కాబట్టి జతలు కట్టి చూడాల్సిందే.

జతలు కట్టడంలో ఒకటి రెండు మరిచిపోవడం మామూలు. మరిచిపోకుండా ఉండాలంటే పెద్ద ప్రాజెక్టుతో మొదలుపెట్టండి. కోల్డ్ స్టోరేజీ ఉందనుకుంటే 40 మిగులుతుంది. అందులో వ్యాన్లు పడతాయి, లేదా ప్యాకింగ్ లైను పడుతుంది, లేదా సోలార్ పడుతుంది. ఏ రెండూ కలిపి పట్టవు. వరసగా 33, 31, 27. కోల్డ్ స్టోరేజీ లేదనుకుని ఐస్ ప్లాంటు తీసుకుంటే 50 మిగులుతుంది. అందులో ప్యాకింగ్ లైను పడితే 26. వ్యాన్లు, సోలార్ రెండూ కలిపితే సరిగ్గా 50, అప్పుడు 16 + 12 + 6 = 34. రెండు పెద్దవీ వద్దనుకుంటే మిగిలిన మూడూ కలిసి 90, ఎన్‌పీవీ 28. ఆరు జతలతో అయిపోయింది. గెలిచింది 34.

ఇది మా పిల్లలకి మింగుడుపడదు. అన్నిటికన్నా ఎక్కువ ఎన్‌పీవీ ఉన్నదీ, పీఐలో రెండో ర్యాంకు వచ్చిందీ అయిన కోల్డ్ స్టోరేజీనే వదిలేశాం. "సార్, ఎక్కడో తప్పు చేశాం" అని ఒకమ్మాయి నోట్సు మళ్లీ మొదటినుంచి చూసింది. తప్పు లేదు. కోల్డ్ స్టోరేజీతో ఏది కలిపినా కొంత డబ్బు మిగిలిపోతోంది, లేదంటే వరసలో అట్టడుగునున్న ప్యాకింగ్ లైను వెంట వస్తోంది.

దీన్నుంచి డబ్బంతా ఖర్చుపెట్టిన జతే గెలుస్తుందని మాత్రం అనుకోకండి. కోల్డ్ స్టోరేజీ, ప్యాకింగ్ లైను కలిసి మొత్తం 100 వాడుకున్నాయి, వచ్చింది 31. వ్యాన్లు, కోల్డ్ స్టోరేజీ 90తోనే 33 తెచ్చాయి. మిగిలిన డబ్బు క్యాపిటల్ ఖరీదుకి సమానమైన రాబడి తెస్తుందనుకుంటాం కాబట్టి దాని ఎన్‌పీవీ సున్నా. లెక్కలో దాన్ని కలపరు, తీసేయరు. చూడాల్సింది జత మొత్తం ఎన్‌పీవీ ఒక్కటే.

జవాబు సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను, పరీక్షలో అర నిమిషం పడుతుంది. ముక్కలు చేయగలిగితే వచ్చే 36.2 అనేది పైకప్పు. ముక్కలు చేయలేమన్న షరతు చేరాక మనకున్న అవకాశాలు తగ్గుతాయే తప్ప పెరగవు. అందుకని ఇన్‌డివిజిబుల్ జవాబు 36.2 దాటితే కూడికలో తప్పుందన్నమాట. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మీకు దొరికిన జత ఆ పైకప్పుకి సరిగ్గా సమానమైతే ఇక మిగిలిన జతలు వెతకక్కర్లేదు. ఇక్కడ 34కీ 36.2కీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి ఆరూ చూడక తప్పలేదు.

పుస్తకంలో ఐదు ప్రాజెక్టులకీ కలిపి ఒకటే మాట రాస్తారు. హార్బర్‌లో అలా ఉండదు. సోలార్ ప్యానెళ్లు సగం వేయించుకోవచ్చు, సగం కరెంటు వస్తుంది. ఐస్ ప్లాంటు సగం కట్టిస్తే సగం ఐస్ రాదు, అసలే రాదు. డివిజిబుల్ అన్నప్పుడు సగం పెట్టుబడికి సగం ఎన్‌పీవీ వస్తుందనే ఊహ అందులో దాగి ఉంది. అది సోలార్‌కి దాదాపు సరిపోతుంది, గదికీ యంత్రానికీ సరిపోదు. అందుకే నాకు నచ్చే ప్రశ్న సోలార్ ఒక్కటీ ముక్కలు చేయవచ్చు, మిగతావి చేయలేం అని చెప్పేది. ఈమధ్య క్లాసులో ఇదే ఇచ్చాను. ఎక్కువమంది 34 దగ్గరే ఆగిపోయారు. వ్యాన్లు, కోల్డ్ స్టోరేజీ జతని మళ్లీ తీయండి. 90 పోయాక మిగిలిన 10కి సోలార్ సగం వస్తుంది, దాని ఎన్‌పీవీ 3. మొత్తం 36. ఇందాక ఓడిపోయిన జత ఇప్పుడు గెలిచింది, వదిలేసిన కోల్డ్ స్టోరేజీ తిరిగొచ్చింది. 36 కూడా పైకప్పు 36.2కి లోపలే ఉంది. ఇలాంటి ప్రశ్నలో చేయాల్సింది ఇదే: ముక్కలు కాని వాటితో జతలు కట్టి, ఒక్కో జతలో మిగిలిన డబ్బుని ముక్కలయ్యే దానిలో నింపి, అప్పుడు మొత్తాలు పోల్చాలి.

మీకో లెక్క. ఐస్ ప్లాంటు పెట్టాల్సిన జాగా, వ్యాన్లు నిలపాల్సిన జాగా ఒకటే, కాబట్టి రెండిట్లో ఒకటే వీలవుతుంది. డబ్బు 100 లక్షలే. మొదట అన్నీ డివిజిబుల్ అనుకుని చేయండి, తర్వాత అన్నీ ఇన్‌డివిజిబుల్ అనుకుని చేయండి. ఒకే పట్టికలో ఇది తేలదు. వ్యాన్లు లేకుండా ఒక పట్టిక, ఐస్ ప్లాంటు లేకుండా ఒక పట్టిక వేసి, రెండు మొత్తాల్లో పెద్దది తీసుకోవాలి. డివిజిబుల్‌కి 36, ఇన్‌డివిజిబుల్‌కి 33 రావాలి. డివిజిబుల్‌కి 36.2 వస్తే మీరు రెండింటినీ ఒకే జాగాలో పెట్టారన్నమాట. వచ్చే పాఠంలో కొరత ఒక్క ఏడాదితో ఆగకుండా రెండేళ్లు ఉంటే పీఐ ఎందుకు పనిచేయదో ఇవే ఐదు ప్రాజెక్టులతో చూద్దాం, ఈ పట్టిక దాచుకోండి.