శ్రావణం పెళ్లిళ్లకు ముందు చెవి వెనక ఒక చుక్క

మా పిన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది. కిందటేడు ఆదివారం పెళ్లి కోసం శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే జుట్టుకు నల్ల రంగు వేసుకుంది. శనివారం పొద్దున చెవుల చుట్టూ, నుదుటి అంచున దురద మొదలైంది. ఆదివారానికి రెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకోలేదు. మెడ మీద పొక్కులు చితికి రసి కారుతూ దిండు గలీబుకు అంటుకుపోయాయి. "ఇదే ప్యాకెట్ ఎన్నిసార్లు వేసుకున్నానే, ఏమీ కాలేదు!" అని ఒకటే ఏడుపు.

కూపీ లాగితే తేలింది. అంతకు ముందు ఏడాది ఓ సంగీత్‌లో చేతికి నల్ల కోన్ పెట్టించుకుంది. డిజైన్ గీసిన చోటల్లా చర్మం దద్దురుగా లేచి వారానికి తగ్గింది. ఎండకని అనుకుంది.

అసలు గోరింటాకు ఎర్రగానో, ముదురు గోధుమ రంగుగానో పండుతుంది, అదీ గంటల తర్వాత. లాడ్ బజార్‌లోనైనా, మీ వీధి చివరైనా, అరగంటలో బొగ్గులా నల్లబడే కోన్ గోరింటాకు కాదు. అందులో సాధారణంగా కలిపేది పీపీడీ, అంటే పారా ఫినిలిన్ డయమిన్. జుట్టు రంగుల్లో ఉండేదీ అదే. జుట్టు రంగుకైతే యూరప్‌లో 2 శాతం హద్దు ఉంది, చర్మం మీద పూయడానికి అసలు అనుమతే లేదు. కోన్‌లో ఎంత కలిపారో ఎవరు చెబుతారు? ఒంటికి ఒక్కసారి అది పడకుండా పోతే ఆ పగ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే కోన్ చేతికి పెడితే, దెబ్బ తర్వాతెప్పుడో తలకు తగిలింది. "నల్ల మెహందీ" పేరుతో అమ్మే తల పొడి ప్యాకెట్ల మీద కూడా పీపీడీ పేరుందేమో చూడండి.

కాబట్టి పెళ్లి ఆదివారమైతే, ముందు ఆదివారమే పరీక్ష చేయండి. ప్యాకెట్‌లో చెప్పినట్టే రంగు కొంచెం కలిపి, చెవి వెనకో మోచేతి మడతలోనో చిన్న చుక్క పెట్టండి. ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్ మీద ఉంటుంది. ఆ తర్వాత 48 గంటలు అక్కడ గమనించండి. అరగంట చూసి "ఏం కాలేదు" అనుకుంటే లాభం లేదు, ఈ అలర్జీ నిదానంగా, ఒకటి రెండు రోజులకు బయటపడేది. దురద, ఎరుపు, ఉబ్బు ఏది కనిపించినా కడిగేసి ఆ రంగు మానేయండి. ఏమీ కాకపోయినా నూటికి నూరు భరోసా కాదు, అందుకే వేసుకునే ప్రతిసారీ చుక్క పెట్టాల్సిందే. పిన్నిలా నల్ల కోన్‌కో, రంగుకో ఒకసారి పొక్కినవాళ్లు మాత్రం ఇంట్లో ఈ పరీక్ష కూడా చేయొద్దు. చర్మ డాక్టరును అడగండి.

రంగు వేశాక మంట పుడితే టైం అయ్యేదాకా ఓర్చుకోకుండా వెంటనే బోలెడు నీళ్లతో కడగాలి. పొక్కులు చిదమొద్దు, నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్ట్ లాంటివి రాయొద్దు. తడి గుడ్డ చల్లగా వేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయండి.

పిన్ని ఇప్పుడు నెరిసిన జుట్టుతోనే పెళ్లిళ్లకు వస్తోంది. పట్టుచీరకు బానే నప్పింది.