తప్తపాణి వేడినీటి స్నానానికి ముందు జాగ్రత్తలు

ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా ఒడిశాలోని తప్తపాణి వేడినీటి బుగ్గకు మన శ్రీకాకుళం వాళ్లు వెళ్తుంటారు. బయల్దేరేముందు ఇవి చూసుకోండి.

- నీటి వేడి కొలిచే థర్మామీటర్ పట్టుకెళ్లండి. చెయ్యి పెట్టి చూస్తే కాసేపటికి చర్మం అలవాటుపడి మోసం చేస్తుంది. 40 డిగ్రీల సెల్సియస్ దాటితే దిగొద్దు.

- ఆరోగ్యవంతులకైనా 10–15 నిమిషాలు చాలు. నీళ్లలో మునిగిన ఒంటి మీద చెమట ఆరదు కాబట్టి లోపలి వేడి బయటికి పోదు. హాయిగా ఉందని కూర్చుంటే అదే ముప్పు.

- నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటారనుకోండి. ముందే డాక్టర్‌ని అడగండి. సరేనంటే 38 డిగ్రీల నీళ్లలో నడుం దాకానే, 5 నిమిషాలు. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, గభాలున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. గట్టు మీద కాసేపు కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని లేపండి.

- షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు. వాళ్లు కాళ్లు కూడా పెట్టొద్దు.

- గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, మందు తాగినవాళ్లు దిగొద్దు. ఈ మూడో రకానికి చెప్పడమే కష్టం!

- తల తిరిగినా, వికారం, గుండెదడ వచ్చినా వెంటనే బయటికి తెచ్చి, నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. తేరుకున్నాక నీళ్లు పట్టండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.