అల్ట్రాసోనిక్‌లో తెల్లబారిన పచ్చ: నవరత్నాల ఉంగరం బాగుచేసిన తీరు

అల్ట్రాసోనిక్ మెషీన్‌లో కడిగించాక ఈ ఉంగరంలో పచ్చ మసకబారి, లోపల తెల్లటి గీతలు తేలాయి. చూడగానే రాయి పగిలిందనిపిస్తుంది. నిజానికి ఆ పగుళ్లు పుట్టుకతోనే ఉన్నవి. అవి కనపడకుండా సానపట్టేవాళ్లు నూనె ఎక్కిస్తారు. మెషీన్ ప్రకంపనలు, వేడినీళ్లు కలిసి ఆ నూనెను బయటికి లాగేస్తాయి. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలుపై పచ్చ కాఠిన్యం పదికి 7.5 నుంచి 8. అంత గట్టి రాయికే ఇలా అయిందంటే, మెషీన్ విషయంలో కాఠిన్యం ఒక్కటే చూస్తే చాలదన్నమాట.

గీతలు రాయి పైకి తెరుచుకున్నాయేమోనని పదిపదిహేను రెట్లు పెద్దగా చూపే లూపుతో చూశాను. గీత పైకి తెరుచుకుని ఉంటేనే నూనె మళ్లీ లోపలికి వెళ్తుంది. రాయిని ఉంగరంలోంచి తీయించి, గోరువెచ్చని దేవదారు నూనెలో వాక్యూమ్ కింద ఉంచారు. గీతలు చాలావరకు కనపడకుండా పోయాయి.

పక్కనున్న ముత్యం మెషీన్‌లో పోగొట్టుకున్న మెరుపు మాత్రం తిరిగి రాదు. ముత్యం, పగడం మెత్తనివి, కాఠిన్యం సుమారు 3, 4 మాత్రమే. ఈ రెంటినీ, పచ్చనూ, పగుళ్లలో గాజు నింపిన కెంపునూ మెషీన్‌లో వేయనివ్వకండి. ఉంగరంలో వజ్రం ఉన్నా సరే, పద్ధతి ముత్యానికి తగ్గట్టే ఉండాలి.

ఇంట్లో అయితే కప్పు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల మైల్డ్ సబ్బు కలిపి, మెత్తటి బ్రష్ ముంచి, అడుగువైపు నుంచి రుద్దండి. నానబెట్టకండి. ముత్యాన్ని, పగడాన్ని తడిగుడ్డతోనే తుడవాలి. పొడిగుడ్డ వద్దు, దుమ్ములోని ఇసుక రేణువులు వాటిని గీరేస్తాయి.