రాత్రి డ్యూటీ డాక్టరు జ్వరం గుట్టు కనిపెట్టే కథ ఎలా రాయాలి?

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన వైద్యుణ్ణి. కథలు రాస్తాను, ఎవరైనా అడిగితే పోటీలకు వచ్చిన కథలు చదివి అభిప్రాయం చెబుతాను. ఏటా కనీసం రెండు మూడు కథల్లో ఒకే సన్నివేశం ఎదురవుతుంది. అర్ధరాత్రి ఒక యువ డాక్టరు రోగి చెయ్యి పట్టుకుని చూస్తాడు, ఎప్పుడో ప్రొఫెసరు చెప్పిన మాట గుర్తుకొస్తుంది, ఎవరూ వినని జబ్బు పేరు చెబుతాడు, తెల్లవారేసరికి అందరూ మెచ్చుకుంటారు. అతనికి ఆ జబ్బు ఎందుకు తోచిందో పాఠకుడికి మాత్రం తెలియదు. జ్వరం వచ్చే తీరును బట్టి జబ్బును గుర్తించే కథలో ఆ తీరు పాఠకుడి కళ్లకు కనబడాలి. దాన్ని ఎలా కనబరచాలో ఒక కథనే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

1. సరంజామా

ఒక వార్డు, ఒక మంచం, ఒక రోగి, రాత్రి డ్యూటీ చేసే ఒక డాక్టరు, ఒక సిస్టరు చాలు. ఆ డాక్టరే కథానాయిక. గోడ మీద నెల డ్యూటీ చార్టు, మంచం కాళ్ల దగ్గర టెంపరేచరు చార్టు ఉండాలి. రెండో డాక్టరును మాట్లాడించకండి, ప్రొఫెసరును అసలే తీసుకురాకండి. కథను ప్రథమ పురుషలోనే చెప్పాలి, ఎందుకంటే డాక్టరే "నేను" అని చెప్పుకుంటే కనిపెట్టిన గొప్ప అంతా కథకుడి మీదికి పోతుంది.

2. జబ్బును ఎంచుకోవడం

ఎక్కువమంది ఇక్కడ విదేశాల నుంచి వచ్చిన వింత పేరు వెతుకుతారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. మలేరియాలోనే ప్లాస్మోడియం మలేరియే అనే అరుదైన రకం ఉంది. మన దేశంలో కేసులన్నీ దాదాపు ఫాల్సిపారం, వైవాక్స్ రకాలవే అయినా, ఒడిశా అడవి ప్రాంతాల్లో ఈ మూడోది దొరికిన దాఖలాలున్నాయి. ఈ పరాన్నజీవి ఎర్రకణంలో పెరిగి, చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడడానికి సుమారు 72 గంటలు పడుతుంది. కణాలన్నీ ఇంచుమించు ఒకేసారి పగిలినప్పుడు చలి, వణుకు, జ్వరం వస్తాయి. కాబట్టి జ్వరం కూడా 72 గంటలకోసారి వస్తుంది. జ్వరం రావడానికీ పరాన్నజీవి చీలడానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఇటలీలో కామిల్లో గోల్జీ 1886 ప్రాంతంలోనే చూపించాడు. ఆయుర్వేదం అంతకు ఎంతో ముందే ఇలాంటి జ్వరానికి చతుర్థకం అని పేరు పెట్టింది.

కథకు పనికొచ్చే గుణం దీనికి ఇంకొకటి ఉంది. వైవాక్స్ లాగా ఇది కాలేయంలో నిద్రపోదు గానీ, రక్తంలోనే అతి తక్కువ సంఖ్యలో, కొందరిలో దశాబ్దాల పాటు నిలిచి ఉండగలదు. అందువల్ల పడుచుతనంలో ఒడిశా సరిహద్దు అడవుల్లో కలప కూలీగా పనిచేసి, ఇప్పుడు మైదానపు ఊళ్లో ఉంటున్న అరవై ఏళ్ల మనిషిని రోగిగా పెట్టుకోవచ్చు. కాలు విరిగి జిల్లా ఆసుపత్రిలో చేరాడు, ఆపరేషన్ అయింది.

3. పగటివాళ్లకు ఎందుకు తెలియలేదో చెప్పడం

పగటి డాక్టర్లను తెలివితక్కువ వాళ్లుగా చూపించి కథానాయికను పైకెత్తడం చవకబారు పని. వాళ్లకు కనబడకపోవడానికి నిజమైన కారణం ఉండాలి. ఈ జ్వరంలో మొదట గంటసేపు పళ్లు టకటకలాడే చలి, తరువాత కొన్ని గంటల కాక, ఆపైన దుప్పటి తడిసిపోయే చెమట వస్తాయి. చలి రాత్రి పదకొండు గంటలకు మొదలైతే, ఉదయం ఆరింటికి టెంపరేచరు చూసేసరికి 98.4 ఉంటుంది. సాయంత్రం ఆరింటికీ అంతే. చార్టు మీద గీత చదునుగా సాగిపోతుంది. రౌండ్లకు వచ్చిన డాక్టరుకు కొంచెం నీరసంగా, ఆకలిగా ఉన్న మనిషి కనబడతాడు. రాత్రి నోట్సులో ఎవరో జ్వరం అని రాసి ఉంటే, ఆపరేషన్ అయిన కాలు కళ్లముందు ఉంది గనుక, యాంటీబయాటిక్ మార్చి వెళ్లిపోతాడు. అది తప్పుడు ఆలోచనేమీ కాదు.

మొదటి జ్వరం రాత్రే కథానాయిక మలేరియా పరీక్ష చేయించినట్లు తప్పక రాయండి. జ్వరం వరస తేలేదాకా ఆగుదాం అని ఏ డాక్టరూ అనుకోకూడదు. ఫాల్సిపారం ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగలదు, పైగా అది చాలాసార్లు ఏ వరసనూ పాటించదు. ఆ పరీక్ష నెగటివ్ వస్తుంది. దానికీ కారణం ఉంది. మన ఆసుపత్రుల్లో వాడే వేలిచుక్క కిట్టు ఫాల్సిపారం, వైవాక్స్‌లను పట్టుకోవడానికి తయారైనది, మూడో రకాన్ని వదిలేస్తుంది.

4. రోజుల లెక్క

కథలు చెడిపోయేది ఇక్కడే. అందుకే ఈ ఒక్క విషయం నిదానంగా చెబుతాను.

మొదటి పొరపాటు పేరులోనే ఉంది. చతుర్థకం అంటే నాలుగో రోజు వచ్చేది అని విని, సోమవారం వచ్చిన జ్వరాన్ని మళ్లీ శుక్రవారం తెప్పిస్తారు. అది 96 గంటలవుతుంది, అలాంటి మలేరియా లేదు. ఇక్కడి లెక్క మనం పదకొండో రోజు కర్మకు లెక్కపెట్టే పద్ధతి లాంటిది. పోయిన రోజును ఒకటో రోజుగా ఎలా లెక్కిస్తామో, జ్వరం వచ్చిన రోజును కూడా అలాగే ఒకటిగా లెక్కించాలి. సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు, గురువారం నాలుగు. కాబట్టి జ్వరం సోమవారం, గురువారం, ఆదివారం, మళ్లీ బుధవారం వస్తుంది. మధ్యలో రెండేసి రాత్రులు ఖాళీ. కథ మొదలుపెట్టే ముందు ఈ వారాలను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, అలా చేయకుండా రాసిన కథలో తప్పు దొర్లని సందర్భం నేను చూడలేదు.

రెండో పొరపాటు, జ్వరం వచ్చిన రాత్రులను మాత్రమే రాయడం. మూడు జ్వరాలను వరసగా చెప్పినంత మాత్రాన పాఠకుడికి ఎడం తెలియదు. ఖాళీ రాత్రులు కూడా కథలో కనబడాలి. అయితే ఆ రాత్రుల్లో ఏమీ జరగదు గనుక వాటిని ఎలా చూపించాలి అనేది అసలు చిక్కు. దీనికి నేను ఎంచుకున్న దారి డ్యూటీ చార్టు. ఆ వార్డులో రాత్రి డ్యూటీని ముగ్గురు డాక్టర్లు పంచుకుంటారు. కథానాయికకు సోమవారం పడితే తరువాత గురువారం, ఆ తరువాత ఆదివారం పడుతుంది. అంటే జ్వరం, ఆమె డ్యూటీ ఒకే వరసలో నడుస్తాయి. మిగిలిన ఇద్దరి చేతిరాతలో "జ్వరం లేదు, నిద్రపోయాడు" అనే రెండు ముక్కలు ప్రతిసారీ ఆమెకు కేసు షీటులో కనబడతాయి. ఖాళీ రాత్రులు ఆ విధంగా కథలోకి వస్తాయి, మీరు వాటి గురించి ఒక్క పేరా కూడా రాయనక్కర్లేదు.

మూడో పొరపాటు గడియారపు కచ్చితత్వం. మూడుసార్లూ సరిగ్గా పదకొండు గంటలకే చలి వచ్చిందని రాస్తే అది రోగిలా కాక యంత్రంలా ఉంటుంది. ఒకసారి పది నలభైకి, ఒకసారి పదకొండున్నరకు రానివ్వండి. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ఎడాన్ని చలి మొదలైన వేళ నుంచి మళ్లీ చలి మొదలైన వేళకు లెక్కించాలి. జ్వరం పతాకస్థాయిని బట్టి లెక్కిస్తే సిస్టరు ఇచ్చిన పారాసిటమాల్ ఆ లెక్కను తారుమారు చేస్తుంది. మాత్ర వేడిని కొంత దించుతుంది గానీ, కణాలు పగిలే వేళను మార్చలేదు.

5. గుర్తించే క్షణం

ఆదివారం రాత్రి పదకొండు దాటాక పెద్దాయన మళ్లీ వణకడం మొదలుపెట్టాడు. ఇనుప మంచం గోడకు తగిలి చప్పుడవుతోంది. రెండు కంబళ్లు కప్పుతూ సిస్టరు అలవోకగా అంటుంది: "మేడం, మీ డ్యూటీ ఉన్న రాత్రే ఈ తాతకు చలి వస్తుందండీ." ఆమె ఆ మాటను పట్టించుకోదు. చేతులు కడుక్కుంటూ, తన తరువాతి డ్యూటీ ఎప్పుడా అని గోడ వైపు చూస్తుంది. సోమ, గురు, ఆది అనే గళ్లలో తన పేరు, మధ్యలో రెండేసి గళ్లలో వేరే పేర్లు. అక్కడే ఆగండి. ఆమె మనసులో ఏం మెరిసిందో రాయకండి. కేసు షీటు తెచ్చి పక్కన పెట్టుకుని చూసిందని మాత్రం రాయండి.

తరువాత ఆమె రోగిని ఒక్క ప్రశ్న అడగాలి. "తాతా, ఇంటి దగ్గర కూడా ఈ చలి వచ్చేదా?" చెమట పట్టి తేరుకుంటున్న పెద్దాయన చెబుతాడు: "వచ్చేదమ్మా. ఒక్క రేత్రి సలేస్తే రెండు రేత్రులు సుకంగా తొంగునేవోణ్ణి." ఈ మాటను గోడ చార్టుకు ముందు పెట్టకూడదు. ముందు పెడితే రోగి చెప్పేసినట్లవుతుంది, వెనక పెడితే ఆమె కనుక్కున్నదానికి సాక్ష్యం అవుతుంది.

6. రుజువు

వరసను బట్టి అనుమానం కలుగుతుంది, అంతే. చీము గడ్డకు, క్షయకు, కొన్ని మందులకు కూడా విడిచి విడిచి జ్వరం వస్తుంది. కాబట్టి రక్తం చూడాలి. చలి పుట్టినప్పుడే రక్తం తీయాలని చాలా కథల్లో రాస్తారు. అది అనవసరం. అనుమానం వచ్చిన వెంటనే తీయాలి, దొరకకపోతే మరునాడు మళ్లీ తీయాలి. ఆమె వేలికి సూది గుచ్చి గాజు పలక మీద ఒక మందపు పూత, ఒక పలుచటి పూత పెడుతుంది. ఈ రకంలో పరాన్నజీవులు చాలా తక్కువగా ఉంటాయి గనుక, పొద్దున ల్యాబ్ టెక్నీషియన్ మొదట "ఏమీ లేదండీ" అనాలి. ఆమె మైక్రోస్కోపును పూత మీద జరుపుతూ కనీసం వంద ఫీల్డులైనా చూడమని బతిమాలాలి. అప్పుడు పలుచటి పూతలో, ఉబ్బని ఒక ఎర్రకణానికి అడ్డంగా నడుముకు కట్టిన పట్టీలా ఒక గీత, కొంచెం పక్కన చామంతి పువ్వులా అమరిన మరొకటి కనబడతాయి. వైవాక్స్ అయితే కణం ఉబ్బుతుంది. ఈ తేడాను టెక్నీషియన్ నోట ఒక్క వాక్యంలో చెప్పించండి.

7. ఎక్కడ ఆపాలి

వైద్యానికి రెండు వాక్యాలు చాలు. మూడు రోజుల క్లోరోక్విన్ సోమవారం పొద్దున మొదలవుతుంది. కాలేయంలో దాగేది కాదు గనుక ప్రైమాక్విన్ అక్కర్లేదు. మెచ్చుకోళ్లు, పగటి డాక్టరు పశ్చాత్తాపం వద్దు. బుధవారం రాత్రికి ఆమె డ్యూటీ మళ్లీ వస్తుంది, జ్వరం వంతు కూడా అదే. పదిన్నరకు కంబళ్లు రెండూ మంచం కాళ్ల దగ్గర మడతపెట్టి ఉంటాయి. పదకొండున్నర దాటాక సిస్టరు థర్మామీటరు తీసి దీపం కిందకు తెచ్చి చదివిన అంకె ఒక్కటి రాసి, కలం పక్కన పెట్టేయండి.