రోజుకు 20 నిమిషాలతో ఏడాది పుస్తకాల ప్రణాళిక ఎలా వేసుకోవాలి?

ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని అంకె పెట్టుకుని మొదలుపెట్టే ప్రణాళికలు ఎక్కువగా మధ్యలోనే ఆగిపోతాయి. పుస్తకం కొలత కాదు. 120 పేజీల కథల సంపుటీ పుస్తకమే, 700 పేజీల చరిత్రా పుస్తకమే. రోజుకు 20 నిమిషాలే దొరికే ఉద్యోగికి పనికొచ్చే కొలత విడత. ఒక విడత అంటే 20 నిమిషాలు ఒకేసారి కూర్చుని చదవడం. ముందు ఏడాదికి ఎన్ని విడతలు చేతిలో ఉన్నాయో తేల్చుకోవాలి, తర్వాత ఒక్కో పుస్తకానికి ఎన్ని పడతాయో లెక్కవేయాలి. పుస్తకాలు ఎంచుకోవడం ఆ తర్వాతి పని.

1. ఏడాదికి 280 విడతలే లెక్కపెట్టుకోండి

365 రోజులూ చదువుతామని రాసుకుంటే మొదటి జ్వరంతోనే ప్రణాళిక వెనకబడుతుంది. వారానికి ఆరు రోజులే చదివే రోజులు అనుకోండి. 52 వారాలకు 312 అవుతాయి. ప్రయాణాలు, అనారోగ్యం, ఆఫీసులో ఊపిరాడని రోజుల కోసం వాటిలోంచి 32 తీసేయండి. మిగిలినవి 280.

ఏడాదిని 13 వారాల చొప్పున నాలుగు భాగాలు చేస్తే, ఒక్కో భాగంలో చదివే రోజులు 78, లెక్కలోకి తీసుకునే విడతలు 70. మిగతా 8 తప్పిపోయే రోజుల కోసం. ఈ ఎనిమిదింటిలో పుస్తకాలు ఇరికించకండి. ప్రణాళిక నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే.

2. మీ వేగం మీరే కొలుచుకోండి

నిమిషానికి ఇన్ని పదాలు చదువుతారని ఇంటర్నెట్‌లో కనిపించే సగటులు ఎక్కువగా ఇంగ్లీషు చదివేవాళ్లవి. తెలుగులో విభక్తులు, సంధులు కలిసి ఒక్కో పదం పొడవుగా ఉంటుంది కాబట్టి ఆ అంకెలు మనకు కుదరవు. సొంత కొలతే దిక్కు.

మూడు రకాల పుస్తకాలు తీసుకోండి: ఒక నవలో కథల సంపుటో, ఒక చరిత్రో జీవితచరిత్రో, మూడోది బరువైన విషయ గ్రంథం, అంటే ఆర్థికశాస్త్రం, తత్వం, మీ వృత్తికి సంబంధించినది, ఏదైనా సరే. ఒక్కోదాన్ని మూడేసి రోజులు, రోజుకు 20 నిమిషాలు చదివి, ఎన్ని పేజీలు అయ్యాయో రాసుకోండి. మొదటి రోజు అంకె వదిలేయండి. పాత్రలు, పరిభాష కొత్తగా ఉండటం వల్ల ఆ రోజు వేగం తక్కువగా వస్తుంది. మిగతా రెండు రోజుల సగటే మీ రేటు.

ఈ కొలత మీరు ఏడాదంతా చదవబోయే వేళలోనే తీసుకోవాలి. రాత్రి పది గంటలకు చదవాలనుకునేవాళ్లు ఆదివారం ఉదయం తాజా బుర్రతో కొలుచుకుంటే వచ్చే అంకె నిలవదు. పుస్తకం తీసి, నిన్న ఎక్కడ ఆపామో చూసుకుని, చివర ఒక వాక్యం రాసుకునే సమయం కూడా ఆ 20 నిమిషాల్లోనే ఉండాలి. అసలు చదివేది 18 నిమిషాలే అవుతుంది, అదే నిజమైన లెక్క.

అన్ని పేజీలూ ఒకలా ఉండవు. కొత్త పుస్తకం పట్టికలో పెట్టేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి, లైనుకు సుమారు ఎన్ని పదాలో, పేజీకి ఎన్ని లైన్లో చూసి హెచ్చించండి. మీరు కొలిచిన నవలలో లైనుకు 7 పదాలు, 30 లైన్లు ఉంటే పేజీకి 210. కొత్తదానిలో లైనుకు 9, 36 లైన్లు ఉంటే 324, అంటే ఒకటిన్నర రెట్లు. మొదటిదాంట్లో విడతకు 12 పేజీలు చదివినవాళ్లు రెండోదాంట్లో 8 మాత్రమే చదవగలరు. చిన్న అక్షరాల లావు పుస్తకాలు నెలల తరబడి తెగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఫోన్‌లోనో రీడర్‌లోనో చదివేటప్పుడు అక్షరాల సైజు మారిస్తే పేజీల సంఖ్యా మారిపోతుంది. అక్కడ శాతం చూడండి. విడతకు 4 శాతం కదిలితే ఆ పుస్తకానికి 25 విడతలు.

3. విడతల్లో పుస్తకాలు సర్దండి

ఒక అకౌంటెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఏడాది మొదటి మూడు నెలలూ ఆమెకు ఖాతాలు ముగించే ఒత్తిడి. కొలుచుకుంటే విడతకు నవలలు 12 పేజీలు, చరిత్ర 9, విషయ గ్రంథం 5 వచ్చాయి.

నవలల రేటును 365తో హెచ్చిస్తే 4,380 పేజీలు, అంటే 240 పేజీల నవలలు 18 చదివేయొచ్చని కాగితం మీద కనిపిస్తుంది. అసలు సర్దుబాటు చేస్తే పది పుస్తకాలు వస్తాయి. ఆ పదీ పూర్తవుతాయి.

మొదటి భాగం పని ఒత్తిడి కాలం కాబట్టి అందులో తేలికైనవే పెట్టాలి. 180 పేజీల కథల సంపుటి 15 విడతలు, 240 పేజీల నవలలు రెండు కలిపి 40, ఇంకో 160 పేజీల సంపుటి 14. మొత్తం 69. ఏడాదిలో మొదటి పుస్తకం మూడు వారాల్లో తెగేదై ఉండాలి. ఆమె 15 విడతల సంపుటితో మొదలుపెట్టడం అందుకే.

రెండో భాగంలో ఒత్తిడి తగ్గుతుంది, విషయ గ్రంథానికి అదే చోటు. 230 పేజీలకు 46 విడతలు. దాని తర్వాత ఒక నవల, 20. మొత్తం 66.

మూడో భాగంలో 450 పేజీల చరిత్ర, 50 విడతలు. అంటే ఎనిమిది వారాలు దాటుతుంది. రోజుకు 20 నిమిషాల లెక్కలో ఒక పుస్తకానికి ఇదే గరిష్ఠం అనుకోండి. ఇంతకంటే సాగితే మొదటి అధ్యాయాల్లోని పేర్లు, తేదీలు చివరికి వచ్చేసరికి చెదిరిపోతాయి, వెనక్కి తిప్పి చూడటానికే విడతలు ఖర్చవుతాయి. అంతకంటే పెద్ద పుస్తకమే కావాలంటే సంపుటాలుగానో భాగాలుగానో విడదీసి, మధ్యలో ఒక చిన్న పుస్తకం పెట్టుకోవడం మేలు. ఈ భాగంలో మిగిలిన 20 విడతలకు ఇంకో నవల.

నాలుగో భాగంలో 280 పేజీల జీవితచరిత్రకు 32, చివరి నవలకు 20. మొత్తం 52. ఇక్కడ 18 విడతలు ఖాళీగా వదిలారు. ఏడాది చివరి భాగాన్ని ఎప్పుడూ నింపకూడదు. ముందు భాగాల్లో వెనకబడిందంతా వచ్చి పడేది అక్కడే.

4. ఆపేచోట గుర్తు, పక్కన ఒక వాక్యం

20 నిమిషాల చదువులో అధ్యాయం పూర్తయ్యే వరకూ ఆగడం తరచుగా కుదరదు. పేజీ మధ్యలో ఆపాల్సి వచ్చినప్పుడు పేరా మొదట్లో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. అరువు పుస్తకమైతే అంటుకునే చీటీ చాలు. తర్వాత నోట్‌బుక్‌లో ఒక లైను: తేదీ, పేజీ నంబరు, ఆ రోజు చదివినదాని సారం ఒక్క వాక్యంలో. మర్నాడు ముందు ఆ వాక్యం చదివి మొదలుపెడితే రెండు పేజీలు వెనక్కి వెళ్లే పని తప్పుతుంది. రెండు పేజీలంటే చరిత్ర పుస్తకంలో విడతలో ఐదో వంతుకు పైనే.

ఈ నోట్‌బుక్ ప్రణాళికకు లెక్కల పుస్తకం కూడా. ఎన్ని విడతలు అయ్యాయో, విడతకు ఎన్ని పేజీలు కదిలాయో అందులోనే తెలుస్తుంది.

5. ఎక్కడ తేడా వస్తుంది, ఎలా పట్టుకోవాలి

*పేజీలు కదలకపోవడం.* కొలిచిన రేటు కంటే మూడో వంతు తగ్గి ఒక వారం గడిస్తే కారణం పుస్తకమా వేళా అన్నది తేల్చాలి. అదే పుస్తకాన్ని మూడు రోజులు వేరే వేళకు మార్చి చదవండి. వేగం తిరిగి వస్తే తప్పు వేళది, పుస్తకాన్ని ఉంచి వేళ మార్చుకోండి. రాకపోతే పుస్తకమే అనుకున్నదానికంటే బరువైనది. కొత్త రేటుతో దాని విడతలు మళ్లీ లెక్కవేసి, ఆ భాగంలో తర్వాతిదాన్ని వెనక్కి జరపండి.

*నచ్చని పుస్తకం.* ఐదు విడతలు, అంటే 100 నిమిషాలు ఇవ్వండి. అప్పటికీ పుస్తకం తెరవడానికి చెయ్యి రాకపోతే వదిలేయండి. ఆ ఐదూ ఖాళీ విడతల ఖాతాలోంచి పోతాయి. మొండిగా పూర్తిచేయాలని పట్టుబడితే పోయేది ఆ పుస్తకం సమయం ఒక్కటే కాదు. దాన్ని తప్పించుకోవడానికి రోజులు మానేయడం మొదలవుతుంది.

*పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఖాళీ.* ఒకటి పూర్తయ్యాక తర్వాతిది చేతిలో లేక వారం గడిచిపోవడం చాలా మామూలు. ఇంకా ఐదు విడతలు మిగిలి ఉండగానే తర్వాతి పుస్తకం తెచ్చి పెట్టుకోండి. గ్రంథాలయం నుంచి తెచ్చేటప్పుడు గడువు చూడండి. 14 రోజుల గడువులో మీకు దొరికేవి 12 విడతలు. విడతకు 12 పేజీల చొప్పున 144 పేజీలే అవుతాయి. 240 పేజీల నవలకు గడువు పొడిగించక తప్పదని తెచ్చిన రోజే తెలుసుకోవచ్చు.

*బాకీ తీర్చడం.* నాలుగు రోజులు తప్పాయని ఆదివారం 80 నిమిషాలు కూర్చోవద్దు. అలసిన కళ్లతో చివరి అరగంటలో చదివింది మర్నాటికి గుర్తుండదు, ఆ పేజీలు మళ్లీ చదవాల్సి వస్తుంది. పైగా వారాంతంలో సర్దుకోవచ్చులే అన్న ధైర్యంతో మామూలు రోజుల విడతలు జారిపోతాయి. తప్పిన రోజులు ఆ భాగానికి ఉంచిన ఎనిమిదిలోంచి కొట్టేయండి. ఎనిమిదీ ఐదో వారానికే అయిపోతే నిమిషాలు పెంచకండి, ఆ భాగంలోంచి ఒక పుస్తకం తీసి తర్వాతి భాగానికి పంపండి.

మన అకౌంటెంట్‌కు మూడో భాగంలో ఆఫీసు పని మీద ప్రయాణాలు వచ్చి 19 రోజులు తప్పాయనుకుందాం. ఉంచుకున్న ఎనిమిదీ పోగా 11 విడతలు వెనకబడ్డారు. చరిత్ర పుస్తకం పూర్తయింది, తర్వాతి నవల మధ్యలో ఉంది. నాలుగో భాగంలో ముందు అనుకున్న 52కు ఈ 11 కలిపితే 63. చేతిలో 70 ఉన్నాయి కాబట్టి పట్టికలోంచి ఏ పుస్తకమూ తీయక్కర్లేదు. రోజుకు 20 నిమిషాలు అలాగే ఉంటాయి. మిగిలిన ఏడు విడతల్లో ఆమె వచ్చే ఏడాది కోసం అనుకుంటున్న విషయ గ్రంథం తెరిచి, దాని రేటు కొలుచుకోవచ్చు.