వార్త రాసేముందు పట్టికలో ఇవి సరిచూసుకోండి

ఖాళీ గడిలో సున్నా నింపకండి. వార్తను తప్పుదారి పట్టించే పెద్ద పొరపాటు ఇదే. ఐదు పాఠశాలల హాజరు 40, 50, ఖాళీ, 60, 50 అనుకుందాం. వివరం ఇచ్చిన నాలుగింటి సగటు 50. ఖాళీని సున్నా చేస్తే అది 40కి పడిపోతుంది, లేని పతనం శీర్షికకెక్కుతుంది. ఖాళీ అంటే "ఎవరూ రాలేదు" కాదు, "మనకు తెలియదు". ఆ బడికి ఫోను చేసి అడగండి. సమాధానం రాకపోతే నాలుగు బడుల సగటేనని వార్తలోనే రాయండి.

అంకెలా కనిపించే అక్షరాలను పట్టుకోండి. ముందు ఖాళీ జాగా చేరిన 60ని కంప్యూటర్ అక్షరాలుగా తీసుకోవచ్చు. అప్పుడు మొత్తంలో అది కలవదు, హెచ్చరికా రాదు. హాజరు అంకెలు B2 నుంచి B6 వరకు గడుల్లో ఉంటే ఈ రెండు సూత్రాలూ వేసి చూడండి:

```
=COUNT(B2:B6)
=COUNTA(B2:B6)
```

మొదటిది అంకెలను, రెండోది నిండిన గడులన్నిటినీ లెక్కిస్తుంది. మన ఉదాహరణలో రెండూ 4 రావాలి. మొదటిది 3 అయితే ఒక గడి మోసం చేస్తోందన్నమాట.

దిద్దుబాట్లన్నీ నకలు ప్రతిలోనే చేయండి. మూలం చెడితే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

కడ్డీల చార్టు అక్షాన్ని సున్నా నుంచే మొదలుపెట్టండి. పాఠకుడు కడ్డీల పొడవునే పోల్చుకుంటాడు. 50, 52లను 48 నుంచి గీస్తే రెండో కడ్డీ రెట్టింపు కనిపిస్తుంది, నిజమైన తేడా 4 శాతమే. కాలక్రమంలో మార్పు చూపే గీతల చార్టుకు ఈ నియమం తప్పనిసరి కాదు. అక్కడ చూసేది వాలును. అయినా అక్షం ఎక్కడ మొదలైందో స్పష్టంగా రాయండి.