స్కేట్‌బోర్డింగ్ బూట్లు ఎలా ఎంచుకోవాలి, స్వేడ్ త్వరగా చిరగకుండా ఎలా చూసుకోవాలి?

స్కేట్‌బోర్డింగ్ చేసేవాళ్ల బూట్లు అన్ని చోట్లా ఒకేలా అరగవు. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాళ్లకు ఎడమ బూటు మీద, చిటికెన వేలు దగ్గర, రూపాయి బిళ్లంత చోటు ముందుగా పోతుంది. కుడి కాలు ముందు పెట్టేవాళ్లకు కుడి బూటు మీద అదే చోటు. మిగతా బూటంతా కొత్తగానే ఉంటుంది. అందుకే నేను ఏ జత చేతిలోకి తీసుకున్నా ముందు ఆ చోటే చూస్తాను.

కారణం ఆలీ, అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం. వెనక కాలు బోర్డు తోకను నేలకు కొడుతుంది. అదే క్షణంలో ముందు కాలు పక్కకు ఒరిగి, బూటు బయటి అంచుతో బోర్డును పైకి ఈడుస్తుంది. బోర్డు మీద అంటించి ఉండే గ్రిప్ టేప్ నిజానికి గరుకు కాగితమే. సాధారణంగా 80 గ్రిట్ ఉంటుంది, సిలికాన్ కార్బైడ్ రవ్వలతో చేస్తారు. కర్రను నున్నగా చేసే పదార్థం మీద రోజుకు వందసార్లు బూటును రుద్దుతున్నామన్నమాట.

మొదటి పని: సోల్ ఏ రకమో తెలుసుకోండి

వల్కనైజ్డ్ సోల్‌లో బూటు పైభాగానికి చుట్టూ రబ్బరు పట్టీ చుట్టి, మొత్తం బూటును పొయ్యిలో వేడి చేస్తారు. ఆ వేడికి రబ్బరు గట్టిపడి అతుక్కుంటుంది. 1966లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో మొదలైన వ్యాన్స్ కంపెనీకి పేరు తెచ్చిన బూట్లు ఈ పద్ధతివే. 1976లో టోనీ అల్వా, స్టేసీ పెరాల్టా అనే స్కేటర్ల సలహాలతో వాళ్లు తెచ్చిన ఎరా అనే బూటు కూడా అంతే. కప్‌సోల్ అలా కాదు. ముందే అచ్చులో పోసిన రబ్బరు గిన్నెలో పైభాగాన్ని కూర్చోబెట్టి, జిగురుతో అంటించి, చాలావరకు చుట్టూ కుట్టు వేస్తారు. ఈ రకం బాస్కెట్‌బాల్ బూట్ల నుంచి స్కేటర్ల కాళ్లకు వచ్చింది. 1985 నాటి ఎయిర్ జోర్డాన్ 1ను అప్పటి స్కేటర్లు బాగా వాడారు.

దుకాణంలో బూటు పక్కగోడను దగ్గరగా చూడండి. వల్కనైజ్డ్ అయితే రబ్బరు పట్టీ రెండు కొసలు కలిసే అతుకు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. కప్‌సోల్ అయితే గోడ చుట్టూ కుట్టు ఉంటుంది. గోరుతో గీకి చూడండి, ఎందుకంటే కొన్నిటికి అచ్చులోనే ఉత్తుత్తి కుట్టు గీత వేస్తారు. తర్వాత ముని వేళ్ల వెనక బూటును వంచండి. వల్కనైజ్డ్ సులువుగా మడతపడుతుంది, కప్‌సోల్ ఎదురు తిరుగుతుంది.

రెండో పని: మీరు చేసేదానికి సరిపోయేది తీసుకోండి

వల్కనైజ్డ్ సోల్ పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. బోర్డు అంచు ఎక్కడుందో, కాలు ఎక్కడ పడిందో పాదానికి వెంటనే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద సాయం. కానీ మెట్ల మీద నుంచి దూకితే దెబ్బంతా నేరుగా మడమకు తగులుతుంది. కప్‌సోల్‌లో దిగువన మెత్తని పొరకు చోటుంటుంది, పాదానికి పక్కల ఆసరా ఉంటుంది. అయితే మొదటి కొన్ని రోజులు చెక్కలా అనిపిస్తుంది.

మా అక్క కొడుకు పదహారేళ్లవాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆలీ, గాల్లో బోర్డును కాలితో తిప్పే కిక్‌ఫ్లిప్ తప్ప వేరేవి చేయడు. "మామయ్యా, లావుగా ఉన్నదే గట్టిది కదా?" అని కప్‌సోల్ పట్టుకున్నాడు. వాడికి దూకడానికి మెట్లు లేవు కాబట్టి వల్కనైజ్డ్ ఇప్పించాను. మడమ నొప్పి వస్తే లోపల మందమైన ఇన్‌సోల్ వేసుకోవచ్చు. బోర్డు స్పర్శ తెలియని మందపు సోల్‌ను మాత్రం పలచన చేయలేం.

పాడయ్యే తీరు కూడా వేరు. వల్కనైజ్డ్‌లో వేళ్ల దగ్గర రబ్బరు పట్టీ అరిగి ఊడుతుంది. కప్‌సోల్‌లో గ్రిప్ టేప్ ముందు కుట్టు దారాన్ని కోస్తుంది. జిగురు కొంతకాలం ఆపుతుంది, తర్వాత గోడ నోరు తెరుస్తుంది.

మూడో పని: స్వేడ్‌ను పరీక్షించండి

కాన్వాస్ నేత గుడ్డ. ఒక పోగు తెగితే పక్క పోగులు కూడా విడిపోతాయి. స్వేడ్ తోలు లోపలి పొర. అందులో పీచు అన్ని దిక్కులా అల్లుకుపోయి ఉంటుంది, కాబట్టి తెగిన చోటు తెగుతుందే కానీ చిరుగు పాకదు. ముందు నూగు లేస్తుంది. తర్వాత ఆ నూగు అణిగి, ఆ చోటు నల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత తోలు పలచబడుతుంది, వేలితో నొక్కితే తెలుస్తుంది. చివరికి కన్నం. మెరుపు కనిపించినప్పుడు కంగారు పడనక్కర్లేదు. నొక్కితే పలచగా తగిలినప్పుడే మరమ్మతు మొదలుపెట్టాలి.

కానీ చాలా జతల్లో స్వేడ్ కంటే ముందు దారం పోతుంది. అందుకే చిటికెన వేలు దగ్గర కుట్లు లేని, ఒకే ముక్క తోలు ఉన్న బూటు మేలు. దాని కింద రబ్బరు పొర ఉంటే ఇంకా మంచిది: తోలు పోయినా మేజోడు బయటపడదు. ఆ చోట గాలి రంధ్రాలు ఉన్న బూటు వద్దు.

నాలుగో పని: తొడగక ముందే కుట్లు కాపాడండి

ముందు పెట్టే కాలి బూటులో చిటికెన వేలు పక్కనున్న కుట్ల మీద మాత్రమే ఫెవిక్విక్ లాంటి జిగురు సన్నగా పూయండి. తోలు మీద పరిస్తే అది గట్టిపడి పగులుతుంది. బూటు కాలికి ఉండగా ఈ పని చేయకండి, నూలు గుడ్డతో తుడవకండి: ఈ జిగురు నూలుకు తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. గ్రిప్ టేప్ కొత్తదైతే, మిగిలిన టేప్ ముక్కతో కాలు ఈడ్చే దారిని కాస్త రుద్దండి. మొదటి పదును తగ్గుతుంది. ఎక్కువ రుద్దితే పట్టు పోతుంది, జాగ్రత్త.

వానలో తడిసిన స్వేడ్‌తో ఆడకండి. తడి తోలు త్వరగా తెగుతుంది. లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది.

అయిదో పని: కన్నం పడకముందే పూత వేయండి

పలచబడ్డ చోటును గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది దుమ్ము దులపండి. షూ గూ అనే జిగురును పలచగా వేసి, తడి వేలితో సమం చేయండి. ఒక రోజంతా వదిలేయండి. రాత్రి పూసి పొద్దున్నే తొడిగితే మొదటి పది ఆలీలకే పొరలా లేచి వస్తుంది. మా వాడు మొదటిసారి అదే చేశాడు. రెండోసారి శనివారం సాయంత్రం పూసి సోమవారం తొడిగాడు, పూత నిలిచింది. కిక్‌ఫ్లిప్‌కు మాత్రం పూత మీద కాలు కాస్త వేరుగా జారుతుంది. అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పట్టింది.

అప్పటికే కన్నం పడితే పాత జత పనికొస్తుంది. దాని మడమ పక్కన స్వేడ్ దాదాపు అరగదు. అక్కడి నుంచి కన్నం కంటే అన్ని వైపులా ఒక వేలు వెడల్పు ఎక్కువ ఉండేలా ముక్క కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, అదే జిగురుతో పైన అంటించండి. మూలలు చదరంగా వదిలేస్తే గ్రిప్ టేప్ వాటిని పట్టి ఊడదీస్తుంది.